మాటలున్నాయా అందులో?

మా అక్క సోఫాలు కడుతుంది. కవర్లు కుట్టడం కాదు, సోఫా మొత్తం. ఒట్టి చెక్క ఫ్రేము ఆమె ముందుకు వస్తుంది. దానికి నాడా పట్టీలు బిగలాగి కొడుతుంది, వాటి మీద స్ప్రింగులు కడుతుంది, గోనెగుడ్డ పరుస్తుంది, ఫోమ్ కోసి అతికిస్తుంది, అన్నిటికంటే చివర బట్ట వేస్తుంది. మూలలు కుట్టడానికి వంపు తిరిగిన సూది ఒకటి ఉంటుంది. ఆ సూది చేతిలో ఉన్నప్పుడు ఆమెతో మాట్లాడితే జవాబు రాదు. పని అయ్యాక సోఫాను చేత్తో చరిచి చూస్తుంది, పెరిగిన పిల్లాడి వీపు చరిచినట్టు.

ఈ పనిలోకి ఆమె పెళ్ళి చెడిపోయాక వచ్చింది. అప్పటి భర్త మంచి మాటకారి. పెళ్ళికి ముందు ఎప్పుడు చూసినా ఫోన్లోనే ఉండేవాడు, అమ్మతో కూడా గంటలు గంటలు మాట్లాడేవాడు, మేమందరం ఆ మాటలకు పడిపోయాం. పెళ్ళయ్యాక తెలిసింది, అవే మాటలు ఇంకో ఇంట్లో కూడా చెబుతున్నాడని. అక్క ఏడవలేదని నేననను. ఏడ్చింది, కోర్టు పని తెముల్చుకుంది, మా ఇంటికి వచ్చేసింది. తర్వాత ఒకే ఒక్క మాట అంది: “ఇంకెప్పుడూ మాటలకు పడను.” అదేదో శపథంలా కాదు, కూర మాడిందన్నంత మామూలుగా.

ఆమె పనిచేసే షాపుకు ఫ్రేములు పక్క వీధి చివరి కలప కార్ఖానా నుంచి వస్తాయి. వాటిని చేసే వడ్రంగి వారానికోసారి బండి మీద తెచ్చి దింపుతాడు. పొడుగ్గా ఉంటాడు, చొక్కా మడతల్లో ఎప్పుడూ చెక్కపొట్టు. ఎవరు పలకరించినా ఒక చిరునవ్వు, ఒక తల ఊపు, అంతే. వెనక నుంచి పిలిస్తే తిరగడు. షాపు ఓనరమ్మ ఆయనకు ‘గంభీరం’ అని పేరు పెట్టింది. ఆయన వెళ్ళిపోయాక ఆవిడ నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆయన నడక నడిచి చూపించేదట, అందరూ నవ్వేవారట. అక్క కూడా నవ్వేది. ఫ్రేములు మాత్రం ఆయన చేసినవే కావాలనేది. బట్ట చుట్టూ తిరిగే అంచుల్ని ఆయన ముందే కొంచెం గుండ్రంగా రుద్ది పంపేవాడు. పదును ఉంటే కొన్నాళ్ళకు బట్ట అక్కడ చిరుగుతుంది. ఆ సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు.

కొలతల గురించి ఇద్దరూ మెసేజులు పెట్టుకునేవారు. ఒకసారి అక్క ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు, ‘మిషన్ దగ్గర ఉన్నాను, రాయండి’ అని పెట్టాడు. సరే అని రాసింది. అలా పొడుగులు, వెడల్పులు, సోఫా చేతుల ఎత్తులు రాసుకుంటూ ఉండగా ఓ రోజు కొలతల కింద ఒక రీల్ వచ్చింది. కొత్త సోఫా మీద ఓ పిల్లి, యజమాని చూస్తుండగా, చాలా శ్రద్ధగా బట్ట చీలుస్తోంది. కింద ఆయన రాసింది ఇంతే: ‘మీ కస్టమరు.’

అక్క ఆ రీల్ మూడు నాలుగుసార్లు చూసింది. పిల్లిని కాదు, ‘మీ కస్టమరు’ అన్నదాన్ని. గంభీరం గారికి ఇంత వెటకారం ఉందని ఎవరికీ తెలియదు.

మర్నాడు ఆమె ఒకటి వెతికి పంపింది. అక్కడ మొదలైంది.

నేనొక కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. పిల్లలు రోజంతా ఒకరికొకరు ఇలాంటివే పంపుకుంటుంటే చూస్తూనే ఉంటాను, అయినా దీనికింత పద్ధతి ఉంటుందని అక్కను చూసేదాకా నాకు తెలియదు. అందరికీ పంపే జోకు వేరు. అది గ్రూపులో పడేస్తారు, నవ్వినవాళ్ళు నవ్వుతారు. ఒక్కరికే పంపేది వేరు. దాంట్లో జోకు పైపైన ఉంటుంది. లోపల ఉండేది ‘ఇది చూడగానే నువ్వు గుర్తొచ్చావు’ అన్న ముక్క. ఆ ముక్కను నోటితో చెబితే అవతలివాళ్ళు ఏదో ఒకటి అనాలి, ఔననో కాదనో. రీల్‌తో చెబితే అనక్కర్లేదు. నవ్వితే చాలు. నవ్వకపోతే అది ఒట్టి పిల్లి.

నవ్వులోనూ రకాలున్నాయని అక్కే చెప్పింది. ఒక్క నవ్వు బొమ్మ పెడితే మర్యాద. కన్నీళ్ళు కారే నవ్వులు వరసగా పెడితే నిజం. బొమ్మలేవీ లేకుండా ‘ఇది మా మేనేజరే’ అని రాస్తే ఇంకా నిజం. జవాబుగా ఇంకో రీల్ వస్తే అసలు సంగతి: అవతలి మనిషి కూడా తన పని ఆపుకుని నీకోసం వెతికాడన్నమాట. పైగా ఫోన్ కూడా ఊరుకోదు కదా. ఏం చూస్తామో అదే తెచ్చి పోస్తుంది. కొన్నాళ్ళకు అక్క ఫోన్ నిండా రంపాలు, చిత్రికలు, చెక్క కుర్చీలు. ఆయన ఫోన్ నిండా సోఫాలు, సూదులు, బట్టలు చింపే పిల్లులు. “ఆయన చూసేదే నేనూ చూస్తున్నట్టుంది,” అంది అక్క ఓసారి. అని, ఎక్కువ చెప్పానేమోనని లేచి వెళ్ళిపోయింది.

ఉదయం లేచేసరికి ఆయన పంపినవి కొన్ని ఉండేవి. అన్నీ ఒకేసారి చూసేది కాదు. ఒకటి పళ్ళు తోముకుంటూ, ఒకటి బస్సులో, ఒకటి మధ్యాహ్నం టీ దగ్గరికి దాచేది. చూసినట్టు అవతల తెలుస్తుంది కాబట్టి దాచడం కూడా ఒక జవాబే. ఆయన దానికీ జవాబు చెప్పేవాడు. నిద్రపోతున్న తాబేలు ఒకటి పంపి ‘మీరు ఇంకా చూడనిది’ అని రాసేవాడు.

ఇద్దరూ ఒకరినొకరు ‘మీరు’ అనుకునేవారు. రీల్ మీద రాసిన మాటలు మాత్రం ‘నువ్వు’ అనే ఉంటాయి. ‘నువ్వు లేకపోతే నా సోమవారం ఇలా ఉంటుంది’ అని ఓ కుక్క మొహం వేలాడేసుకుని కూర్చుంటుంది. అది పంపింది ఆయన. ‘నువ్వు’ అన్నది కుక్క. ఆయనను ఎవరూ తప్పుపట్టడానికి లేదు. అక్క ఆ రోజంతా ఆ ‘నువ్వు’ను నోట్లో పెట్టుకుని తిరిగింది.

ఒకసారి వానలో ఒక ముసలి జంట ఒకే గొడుగు కింద నడిచిపోతున్న రీల్ వచ్చింది. అందులో జోకేమీ లేదు. ఆయనకూ అది తెలుసు కాబోలు, కింద ‘గొడుగు బాగుంది’ అని రాశాడు. అక్క చాలాసేపు ఆలోచించి ‘ఆ సైజు ఎక్కడ దొరుకుతుంది?’ అని పెట్టింది. ఆయన ఏదో రాసి తీసేశాడు. తీసేసినట్టు గుర్తు మాత్రం మిగిలింది. ఏం రాసి తీసేశాడా అని మేమిద్దరం బట్టలు మడతపెడుతూ ఊహించాం. మా అక్క మొహంలో అలాంటి వెలుగు నేను చాలా ఏళ్ళుగా చూడలేదు.

అమ్మకు మాత్రం నచ్చలేదు. ఆవిడ లెక్క సూటిగా ఉంటుంది. ఇష్టమున్న మగాడు ఫోన్ చేస్తాడు. ఫోన్ చెయ్యడానికి లేని ధైర్యం పెళ్ళి చేసుకోవడానికి ఎక్కడి నుంచి వస్తుంది? నాకూ అది సబబుగానే అనిపించింది. ఆయన ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు. వాయిస్ మెసేజ్ పెట్టలేదు. అక్క ఒకసారి పెడితే రెండు రోజుల దాకా దాని ఊసే ఎత్తకుండా వేరే రీల్ పంపాడు. షాపుకు వచ్చినప్పుడు అదే చిరునవ్వు, అదే తల ఊపు. కొంచెం ఎక్కువసేపు నిలబడేవాడు, అంతే తేడా.

“కాలక్షేపానికి చేస్తున్నాడేమో అక్కా,” అన్నాను.

“కాలక్షేపానికైతే అందరికీ పంపేవే నాకూ పంపేవాడు,” అంది అక్క. “ఇవి ఏరినవి.”

తర్వాత వచ్చిన రీల్‌తో ఆ నమ్మకం పోయింది.

అది చూడ్డానికి చక్కటి రీల్. ఓ చేతిచిత్రిక చెక్క మీద మెల్లగా జారుతుంటే, రిబ్బను లాంటి పలచటి పొర చుట్టలు తిరుగుతూ పైకి లేస్తుంది. వెలుతురు దాంట్లోంచి కనిపిస్తుంది. కింద ఆయన మొదటిసారి సొంతంగా ఒక వాక్యం రాశాడు: ‘మీరు బట్ట పరిచేటప్పుడు ఇలాగే ఉంటుంది. మీ కోసం.’ అక్క బస్సులో తెరిచింది. ఫోన్ సౌండు పెట్టే ఉంది. ఆ బొమ్మ వెనక ఎవడో మగవాడి గొంతు, ఆడదాని ఒంటి గురించి, చెక్కను నున్నగా చెయ్యడంతో పోలుస్తూ, రెండర్థాల పచ్చి బూతు. పక్కన కూర్చున్నావిడ తిరిగి చూసింది. అక్క ఫోన్ మూసేసి తర్వాతి స్టాపులో దిగిపోయింది.

ఇంటికి వచ్చి నాకు చూపించింది. నేనే తిట్టాను. మగాళ్ళందరూ ఇంతే అన్నాను. నోరు విప్పని వాళ్ళ మనసులో ఏముందో ఇప్పుడు తెలిసిందన్నాను. అక్క వెళ్ళి స్నానం చేసి వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన పంపినవి తెరవలేదు. అవి కుప్పపడ్డాయి. తాబేలు కూడా వచ్చింది. దాన్నీ తెరవలేదు.

మా అక్కలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇక్కడే చెప్పాలి. ఆమెకు కోపం వస్తుంది, కానీ కోపం ఆమె కళ్ళకు అడ్డం రాదు. కుట్టు ఎక్కడైనా సరిగా రాకపోతే ఆమె బట్టను తిట్టదు, దారాన్ని తిట్టదు. మొత్తం విప్పి, ఎక్కడ తప్పిందో అక్కడి దాకా వెనక్కి వెళుతుంది. ఆదివారం మధ్యాహ్నం అమ్మ పడుకున్నాక కిటికీ దగ్గర కూర్చుని ఆ సంభాషణ మొత్తం పైకి, మొదటి పిల్లి దాకా జరుపుకుంటూ పోయింది. నేను పక్కన బట్టలు ఇస్త్రీ చేస్తున్నాను.

కాసేపటికి పిలిచింది. ఒక రీల్ చూపించింది. చాలాకాలం కింద తను పంపినదే. ఓ పెద్దాయన బెంచీ మీద కూర్చుని రుమాలుతో కళ్ళు తుడుచుకుంటుంటాడు. దారినపోయే ఆవిడ ఆగి, వీపు నిమిరి, ఏమైంది తాతా అని అడుగుతుంది. ఆయన వెక్కుతూ అంటాడు: నా పళ్ళసెట్టు పెట్టుకుని మా తమ్ముడు ఫొటో దిగడానికి వెళ్ళాడమ్మా, పొద్దున్నుంచి రాలేదు, ఆకలేస్తోంది.

ఆ రీల్‌కు గంభీరం గారి జవాబు: ‘అయ్యో పాపం. ఎవరూ లేనట్టున్నారు.’

అప్పట్లో ఆ జవాబు చూసి అక్క పడీపడీ నవ్వింది. మొహం కదలకుండా జోకు వెయ్యడం ఆయనకు బాగా తెలుసని మెచ్చుకుంది. నాకూ చెప్పి నవ్వించింది.

“ఇప్పుడు మ్యూట్‌లో చూడు,” అంది.

చూశాను. మాటలు తీసేస్తే అక్కడ మిగిలింది ఏడుస్తున్న ఒక ముసలాయన, జాలిపడుతున్న ఒక ఆడమనిషి. అంతే.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి ఆమె పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఒక్కొక్కటీ మ్యూట్ చేసి చూశాం. బుజ్జిపాప వచ్చీరాని మాటలతో తండ్రిని తిట్టే రీల్‌కు ఆయన ‘పాప ముద్దుగా ఉంది’ అన్నాడు. తిట్ల గురించి ఒక్క మాట లేదు. చిలక యజమానిని అనుకరించే రీల్‌కు ఒకే ఒక్క నవ్వు బొమ్మ, మర్యాదది. ఓ మనిషి నిచ్చెన తలకిందులుగా మోసుకుపోయే రీల్‌కు మాత్రం కన్నీళ్ళ నవ్వులు వరసగా. బొమ్మ మీద అక్షరాలున్న ప్రతిదానికీ చక్కటి జవాబు. ఆయన పంపినవైతే అన్నీ అంతే. ఒక్కటి కూడా వింటేనే నవ్వొచ్చేది లేదు. పిల్లులు, కుక్కలు, తాబేళ్ళు, రాతలు. ఫోన్ ఎత్తకపోవడం, వాయిస్ మెసేజ్‌కు జవాబు లేకపోవడం, వెనక నుంచి పిలిస్తే తిరగకపోవడం, అన్నీ ఒక్కసారి వచ్చి వరసలో నిలబడ్డాయి.

అక్క ఆ చిత్రిక రీల్ మళ్ళీ తెరిచింది, మ్యూట్‌లో. పలచటి చెక్కపొర వెలుగులో చుట్టలు తిరిగింది. దాన్ని చివరి దాకా చూసింది.

“ఎంత బావుందో,” అంది నెమ్మదిగా. “ఆయన చూసింది ఇది.”

అయినా అది అనుమానమే. మేం పొరబడి ఉండొచ్చు కూడా. పని చోట సౌండు తగ్గించి చూసేవాళ్ళు చాలామంది ఉంటారు. ఏదైనా రీల్ పంపి పరీక్ష పెడదామని నేనన్నాను. మాటల్లో ఒకటీ బొమ్మలో ఇంకొకటీ ఉండేది వెతికితే బయటపడుతుంది కదా. అక్క నావైపు చూసిన చూపుకు ఆ ఆలోచన అక్కడే మానేశాను. మనిషికి వల వెయ్యకూడదు, అడగాలంటే మొహం మీదే అడగాలి అంది.

తర్వాతి సారి ఆయన ఫ్రేములు తెచ్చినప్పుడు ఓనరమ్మ బట్టల కొట్టుకు వెళ్ళింది. అక్క గాలి మిషను కట్టేసింది. స్టేపుల్ గన్‌కు గాలి కొట్టే ఆ మిషను ఆగితే షాపు ఖాళీ అయినట్టుంటుంది. ఆయన ఫ్రేములు దింపి, చేతులు దులుపుకుని, వెళ్ళకుండా నిలబడ్డాడు. అక్క ఎదురుగా వెళ్ళి, వెలుతురు తన మొహం మీద పడేలా నిలబడింది. ఇదంతా ఆమె చెప్పగా నేను విన్నదే.

“నా వల్ల ఏమన్నా పొరపాటు జరిగిందా?” అన్నాడు ఆయన. “మీరు తెరవడం లేదు.”

“ఆ చిత్రిక రీల్ ఉంది చూడండి. అందులో మాటలు నాకు బాధ కలిగించాయి.”

ఆయన ఆమె పెదవుల వైపే చూస్తున్నాడు. నుదురు ముడిపడింది.

“మాటలున్నాయా అందులో?”

అన్నాక ఆయనకే అర్థమైంది తనేమన్నాడో. మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. అక్క చెయ్యి చాపబోయింది. ఆయన తల ఊపి, ఎప్పటిలాగే, వెనక్కి తిరిగి బండెక్కి వెళ్ళిపోయాడు. వెనక నుంచి పిలవడంలో అర్థం లేదని ఆమెకు అప్పుడు తెలుసు. అయినా పిలిచిందట.

ఆ తర్వాత ఆయన వైపు నుంచి ఏమీ రాలేదు. తర్వాతి వారం ఫ్రేములు వేరే మనిషి తెచ్చాడు.

నేనైతే ఒక పొడుగాటి మెసేజ్ రాసేదాన్ని. పర్వాలేదని, అర్థం చేసుకున్నానని, నాకేమీ తేడా లేదని. అక్క ఏదో రాసి చూసుకుని చెరిపేసింది. ‘పర్వాలేదు’ అని చెబితే పర్వా ఉన్నట్టే కదా అంది. రెండు రోజులు ఆలోచించి ఒక రీల్ పంపింది. మామూలు రీలే. భార్యాభర్తలు బీరువా బిగిస్తూ పోట్లాడుకుంటారు. కాకపోతే దాని కింద ఆ పోట్లాటంతా కూర్చుని టైపు చేసింది. ఎవరేమన్నారో, ఎవరి మాట మీద ఎవరు మాట వేశారో, వెనక కుక్క ఎప్పుడు మొరిగిందో, చివర్లో తలుపు ఊడి పడినప్పుడు ఎంత చప్పుడైందో. ఫోన్ తనంతట తాను అక్షరాలు వేస్తుంది గానీ మన భాషలో ఒకటి అంటే ఇంకోటి పడుతుంది. అందుకని రీల్ ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, ఒక్కో మాటా రాసింది. జోకు అరనిమిషం కూడా లేదు. రాయడానికి ఆమె టీ విరామమంతా పట్టింది.

ఆయన చూశాడు. చూసినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు.

ఒక రోజు ఆగి ఇంకోటి పంపింది. మళ్ళీ మాటలన్నీ రాసి. జాలిగా ఒక్క ముక్క కలపలేదు, ప్రశ్న వెయ్యలేదు. తర్వాత చిలక రీల్. చిలక ఏమంటుందో, దానికి యజమాని గొంతు ఎలా వచ్చిందో. బుజ్జిపాప రీల్. పాప తిట్లు రాయడం కష్టమైంది. ‘నాన్నా’ను పాప ఎలా పలికిందో అక్షరాల్లో పెట్టడానికి నన్నూ కూర్చోబెట్టింది. నేను దాన్ని పైకి పలికి, ఆమె రాసి, ఇద్దరం నవ్వి, అమ్మ వచ్చి మాకేమైందని అడిగింది.

తర్వాత పళ్ళసెట్టు పెద్దాయన.

దానికి జవాబు వచ్చింది. ముందు కన్నీళ్ళ నవ్వులు, తెర సగం నిండేలా. తర్వాత: ‘ఇన్నాళ్ళూ ఆయన గురించి బెంగ పెట్టుకున్నాను. ఆయన్ని ఎవరన్నా ఇంటికి చేర్చారో లేదోనని.’

కాసేపటికి మళ్ళీ: ‘నేను మీకు పంపిందాంట్లో ఏముందో కూడా రాయండి.’

అక్క రాయలేదు. ‘అది మీ మాట కాదు, మీకు అక్కర్లేదు. చిత్రిక మాత్రం మీది. అది దాచుకున్నాను,’ అని పెట్టింది.

అప్పుడాయన చెప్పాడు. చాలాసేపు రాస్తూ, ఆగుతూ. చిన్నప్పటి నుంచీ రంపపు మిషన్ల మధ్య, చెవులకు ఏ అడ్డూ లేకుండా పనిచేశాడట. ముందు గడియారం చప్పుడు పోయింది, తర్వాత పక్షులు, తర్వాత ఆడవాళ్ళ గొంతులు, పిల్లల గొంతులు. మిషను తేడాగా మోగితే వినిపించనివాడిని మిషను దగ్గర ఉంచరని ఎవరికీ చెప్పలేదు. చెక్క మీద అరచెయ్యి పెట్టి అదురును బట్టి తెలుసుకునేవాడు. మనుషుల దగ్గర మాత్రం ఆ విద్య పనిచెయ్యలేదు. సగం విని తప్పు జవాబు చెప్పేకంటే గర్విష్ఠి అనిపించుకోవడం మేలనుకున్నాడు. రీల్స్‌లో అందరితో సమానంగా నవ్వగలనని అనిపించిందట. అక్కడ ఆయన ఎవరినీ రెండోసారి ‘ఏంటీ?’ అని అడగక్కర్లేదు.

‘ఎలా కనిపెట్టారు?’ అని అడిగాడు చివర.

‘మీరు దేనికి నిజంగా నవ్వారో చూశాను,’ అని రాసింది అక్క.

చెవుల డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. అక్కడ ఒక గాజు గదిలో ఆయన్ని కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. అక్క బయట నుంచి చూసింది. తనకు శబ్దాలు వినపడవు, ఆయన వేలు మాత్రం కనిపిస్తుంది. చాలాసేపు ఆ వేలు కదలలేదు. అప్పుడే నిర్ణయించుకున్నానని నాతో చెప్పింది. ఏం నిర్ణయించుకున్నావని నేనడగలేదు.

పోయిన వినికిడి తిరిగి రాదన్నారు. మిగిలినదాన్ని కాపాడుకోవాలన్నారు. రెండు చెవులకూ మిషన్లు పెట్టారు. కార్ఖానా యజమానితో ఆయనే వెళ్ళి చెప్పాడు, అక్కను తోడు రమ్మనలేదు. యజమాని కొంత అరిచాడు, ఇన్నాళ్ళు దాచినందుకు. పెద్ద రంపం మీద నుంచి తీసేసి అతుకులు, నగిషీ పనిలో పెట్టాడు. ఆయనకు అదే ఎక్కువ ఇష్టమని ఆయనకూ అప్పుడే తెలిసింది. మిగతా పనివాళ్ళకు చెవి మూతలు తెప్పించాలని పట్టుబట్టి తెప్పించాడు కూడా. ఓనరమ్మ ఆయన నడక నడిచి చూపించడం మానేసింది. గంభీరం అన్న పేరు మాత్రం పోలేదు. ఇప్పుడు ఆ పేరుకు ఆయనే నవ్వుతాడు.

అమ్మతో మాట్లాడటానికి వచ్చిన రోజు ఆయన తెల్ల చొక్కా వేసుకున్నాడు, దాని మీద ఎక్కడా పొట్టు లేదు. ఫోన్ చెయ్యని మగాడి మీద అమ్మ అంతకుముందే పెట్టుకున్న ప్రశ్నలన్నీ అడగడానికి కూర్చుంది. అడగకముందే ఆయన అన్నాడు:

“అత్తయ్యగారూ, నేను మీ అమ్మాయికి ఇన్నాళ్ళూ ఒక్క ఫోనూ చెయ్యలేదు. చెయ్యలేకపోయాను. మీరు కొంచెం ఇటు తిరిగి మాట్లాడితే అన్నిటికీ జవాబు చెబుతాను.”

అమ్మ కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది. ఏ ప్రశ్నా అడగలేదు. వేడిగా తాగుతారా, చల్లగా తాగుతారా అని మాత్రం అడిగింది, కొంచెం గట్టిగా, ఒక్కో మాటా విడివిడిగా. ఆ పలకడం ఆవిడకు అలవాటైపోయి, ఇప్పుడు మాతో కూడా అలాగే మాట్లాడుతోంది.

రిజిస్టరు ఆఫీసులో పెళ్ళయింది. కార్ఖానా వెనక చిన్న ఇల్లు తీసుకున్నారు. ఒక గదిలో ఆయన చేసి, ఆమె కట్టిన సోఫా ఉంది. వాళ్ళిద్దరూ కలిసి మొదటి నుంచి చివరి దాకా చేసినది అదొక్కటే. నేను వెళ్ళినప్పుడల్లా అక్క ఒక చివర, ఆయన మరో చివర కూర్చుని ఫోన్లు చూసుకుంటుంటారు. కాసేపటికి ఒక ఫోన్ మోగుతుంది, పక్క మనిషి పంపిందే. బయటివాళ్ళు చూస్తే ఏం సంసారమిది అనుకుంటారు.

చెవి మిషన్లు పెట్టుకున్న కొత్తలో ఆయనకు కార్ఖానా చప్పుళ్ళు, గిన్నెల చప్పుళ్ళు భరించడం కష్టమయ్యేది. ఇంటికి వస్తూనే తీసి డబ్బాలో పెట్టేవాడు. మెల్లగా అలవాటు చేసుకున్నాడు. ఓ సాయంత్రం నేనక్కడే ఉన్నాను. ఆయన మిషన్లు పెట్టుకుని, ఫోన్ సౌండు పెంచి, పాత రీల్స్ ఒక్కోటి తెరుస్తున్నాడు. అక్క మాటలు రాసి పంపినవే. ఇన్నాళ్ళూ చదివినవి ఇప్పుడు వినాలని ఆయన కోరిక. బీరువా పోట్లాట విన్నాడు. మళ్ళీ విన్నాడు. ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని, కింద అక్క రాసినదాన్ని వేలితో వెంబడిస్తూ మూడోసారి విన్నాడు.

“ఇందులో భర్త ‘ఈ బీరువా కంటే మీ నాన్నే తేలిగ్గా బిగుసుకున్నాడు’ అనలేదే,” అన్నాడు.

అక్క కూర తరుగుతోంది. తలెత్తలేదు.

చిలక రీల్ తెరిచాడు. చిలక రాసినంత అనలేదు. రెండే రెండు మాటలు అంది, అవీ అంత గొప్పగా లేవు. ఒక్కోటీ చూస్తూ పోతుంటే తేలింది, సగం జోకులు అక్కవి. అసలు రీల్‌లో చప్పగా ఉన్నచోట ఆమె తనవి పెట్టి పంపింది. ఆయన అన్నాళ్ళుగా, ఆ బాధలో కూడా, పగలబడి నవ్విన వాటిలో చాలావరకు ఆమె టీ బల్ల దగ్గర కూర్చుని కల్పించినవే. పక్కన కూర్చుని పాప మాటలు పలికిన నాకు కూడా ఆ సంగతి తెలియదు.

“నువ్వు రాసిందే బావుంది,” అన్నాడు ఆయన.

“తెలుసు,” అంది అక్క.

ఆయన చెవి మిషన్లు తీసి డబ్బాలో పెట్టి, కొత్తగా వచ్చిన ఒక రీల్ ఆమెకు పంపాడు. ఇద్దరు మనుషులు గోడ మీద బొమ్మ వంకరగా ఉందా లేదా అని వాదించుకుంటున్నారు. అక్క చేతులు తుడుచుకుని, సోఫా మీద కాళ్ళు మడిచి కూర్చుని, దాన్ని ఒకసారి విని, టైపు చెయ్యడం మొదలుపెట్టింది. ఆయన తన ఫోన్ వైపు చూస్తూ కూర్చున్నాడు. కూర తరగడం నాకు పడింది.